తెల్ల బంగారం అమ్మితే తక్కువొస్తుందా?

ప్రశ్న: ఫ్రాన్స్‌లో ఉన్న మా అమ్మాయి 14 కేరట్ల తెల్ల బంగారు గొలుసు, రోజ్ గోల్డ్ గాజు పంపింది. రెండూ 8 గ్రాములే. దేనికి ఎక్కువ ధర వస్తుంది?
– ఒక పాఠకురాలు, యానాం

జవాబు: రెండింటికీ ఒకటేనమ్మా. 14 కేరట్లంటే వెయ్యికి 585 పాళ్లు బంగారం. 8 గ్రాముల్లో మేలిమి 4.68 గ్రాములు. మేలిమి గ్రాము పదివేలనుకుంటే 46,800 రూపాయలు. అందులోంచి కరుగు తరుగు పోతుంది. మిగతా 3.32 గ్రాములే రంగునిస్తాయి. గులాబి రంగు రాగిది. తెలుపు పల్లాడియందో నికెల్‌దో. పల్లాడియం ఖరీదైనదే, కానీ దాన్ని వేరుచేసే రిఫైనరీకి తప్ప మన వీధి కొట్టుకి అక్కర్లేదు, కాబట్టి దాని సొమ్ము మీకు రాదు.

తెల్ల నగకి చిక్కు మరోచోట ఉంది. మెరుపు కోసం పైన రోడియం పూత వేస్తారు. కేరట్ మీటరు పైపొరనే చదువుతుంది కనుక ఆ పూత మీద పెడితే బంగారం తక్కువ చూపొచ్చు. కొక్కెం దగ్గర చిన్నగా ఆకురాయి పట్టించి, అక్కడ చూడమనండి. వాడగా వాడగా పసుపు తేలినా కంగారొద్దు, అరిగింది పూతే.

కొక్కెం మీద భూతద్దంతో 585 అంకె వెతకండి. ఫ్రాన్స్ ముద్రయితే పక్కనే చిన్న ఆల్చిప్ప బొమ్మ ఉంటుంది. గద్ద తల ఉంటే అది 18 కేరట్లు, 14 లెక్కన అమ్మేయకండి. మజూరీ మాత్రం ఏ రంగుకీ వెనక్కి రాదు.