ఆసుపత్రిలో ఉండగా గడువు దాటితే: క్రెడిట్ కార్డు ఆలస్య రుసుము మాఫీ కోరడం ఎలా?



డిశ్చార్జి అయి ఇంటికి వెళ్ళిన రెండు మూడు వారాలకు కొందరు మళ్ళీ మా సాంఘిక సేవా విభాగానికి వస్తారు. చేతిలో మందుల చీటీ ఉండదు, క్రెడిట్ కార్డు స్టేట్‌మెంటు ఉంటుంది. "ఐసీయూలో ఉన్న మనిషి బిల్లు ఎలా కడతాడండీ? దీనికి కూడా ఫైను వేశారు" అని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. అయితే బ్యాంకును ఏమని అడగాలి, ఏ కాగితం జతచేయాలి, ఎంతవరకు ఆశించవచ్చు అన్నది తెలిస్తే సగం పని అయినట్టే. ఈ నెల పాఠం దాని గురించే.

వేసింది ఒక రుసుము కాదు, రెండు

గడువు తేదీకి కనీస మొత్తమైనా కట్టకపోతే బ్యాంకు ఆలస్య రుసుము వేస్తుంది. దానిపై 18 శాతం జీఎస్టీ ఉంటుంది. ఇది కాక, బిల్లు మొత్తం గడువులోగా కట్టకపోతే వడ్డీ వేరుగా పడుతుంది. ఈ వడ్డీని గడువు తేదీ నుంచి కాకుండా, వస్తువు కొన్న తేదీ నుంచే లెక్కగడతారు. దీనిపైనా జీఎస్టీ ఉంటుంది. చాలామంది "లేట్ ఫీజు తీసేయండి" అని మాత్రమే అడిగి వడ్డీ మాట మరచిపోతారు. స్టేట్‌మెంటులో ఈ రెండు వరుసలూ వేరువేరుగా ఉంటాయి. ముందు వాటిని వెతికి గీత గీసుకోండి.

తర్వాత తేదీలు సరిచూడండి. రిజర్వు బ్యాంకు కార్డుల ఆదేశాల ప్రకారం, బాకీ గడువు దాటి మూడు రోజులకు మించి నిలిచి ఉంటేనే ఆలస్య రుసుము వేయాలి. క్రెడిట్ సంస్థలకు "బకాయి" అని తెలపడం కూడా అప్పుడే. రుసుమును కట్టకుండా మిగిలిన మొత్తాన్ని బట్టి వేయాలే గాని మొత్తం బిల్లును బట్టి కాదు. ఉదాహరణకు గడువు 12వ తేదీ అయితే 15వ తేదీ లోపల కట్టినవారికి ఆలస్య రుసుము పడకూడదు. పడితే అది బ్యాంకు పొరపాటు. అప్పుడు మీరు మాఫీ కోరనక్కర లేదు, సరిచేయమని అడగాలి. ఈ మూడు రోజుల సడలింపు వడ్డీకి వర్తించదని గుర్తుంచుకోండి.

ఒక ఉదాహరణ

ఒక ఉపాధ్యాయుని సంగతి చూద్దాం. గుర్తు పట్టకుండా వివరాలు, అంకెలు మార్చాం. ఆయన మే 12న కార్డుపై 18,640 రూపాయలకు ఫ్రిజ్ కొన్నారు. మే 23న స్టేట్‌మెంటు వచ్చింది. గడువు జూన్ 12. జూన్ 10 తెల్లవారుజామున గుండెపోటుతో ఆయనను అత్యవసర విభాగానికి తెచ్చారు. అయిదు రోజులు ఐసీయూలో, తర్వాత వార్డులో ఉండి 19న ఇంటికి వెళ్ళారు. 21న మొత్తం 18,640 కట్టేశారు.

జూన్ 23 స్టేట్‌మెంటులో ఆలస్య రుసుము 750, దానిపై జీఎస్టీ 135, కలిపి 885 రూపాయలు పడ్డాయి. వడ్డీ నెలకు మూడున్నర శాతం, అంటే ఏడాదికి 42 శాతం. మే 12 నుంచి జూన్ 21 వరకు 40 రోజులకు అది సుమారు 858 అయింది. దానిపై జీఎస్టీ 154. మొత్తం 1,897 రూపాయలు. ఆయన కోపమంతా 750 మీదే ఉంది గాని, అసలు పెద్ద భారం వడ్డీదే.

ముందు కట్టండి, తర్వాత అడగండి

మాఫీ కోరేముందు అసలు బాకీ కట్టి ఉండాలి. కట్టినవారి మాటకు బ్యాంకులో బలం ఎక్కువ. రోగి లేవలేని స్థితిలో ఉన్నా ఈ పని ఆగనక్కర లేదు. కార్డు బిల్లు ఎవరైనా కట్టవచ్చు. చాలా బ్యాంకుల కార్డులకు కుటుంబ సభ్యులు తమ ఫోనులోని యూపీఐ యాప్‌లో కార్డు బిల్లు విభాగం ద్వారా డబ్బు పంపవచ్చు. పిన్ గాని, ఓటీపీ గాని రోగిని అడగనక్కర లేదు. కాని ఖాతా వివరాలు చెప్పమని భార్యగాని, కొడుకుగాని ఫోను చేస్తే బ్యాంకు చెప్పదు. కార్డుదారునితోనే మాట్లాడతామంటుంది. అది మొండితనం కాదు, నియమం. అందుకే మాఫీ ఉత్తరంపై కార్డుదారుడే సంతకం చేయాలి, లేదా బ్యాంకులో నమోదైన ఆయన ఈమెయిలు నుంచే పంపాలి.

ఏ కాగితం జతచేయాలి?

బ్యాంకుకు కావలసింది మూడే: చేరిన తేదీ, చేరింది అత్యవసరంగానా కాదా, డిశ్చార్జి తేదీ. దీనికోసం డిశ్చార్జి సమ్మరీ పూర్తిగా పంపకండి. అందులో మీ జబ్బు, పరీక్షల ఫలితాలు, వాడే మందులు అన్నీ ఉంటాయి. బ్యాంకు గుమాస్తాకు అవి తెలియనక్కర లేదు. దానికి బదులు రికార్డుల విభాగంలో "అడ్మిషన్ సర్టిఫికెట్" అడగండి. పేరు, తేదీలు, "అత్యవసరంగా చేర్చబడ్డారు" అన్న మాట, డాక్టరు సంతకం, ముద్ర ఉంటే చాలు. జబ్బు పేరు వద్దని మీరే చెప్పవచ్చు. వైద్య రికార్డులు కోరితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల వృత్తి ధర్మ నిబంధనలు 2002 నుంచి చెబుతున్నాయి.

ఇక్కడ ఒక మాట ఖచ్చితంగా చెప్పాలి. "చేరిన తేదీ రెండు రోజులు ముందుకు వేసి ఇవ్వండి" అని అప్పుడప్పుడు కొందరు అడుగుతారు. మేము ఇవ్వము. గడువు 12 అయి, 14న ఆసుపత్రిలో చేరితే ఉన్నది ఉన్నట్టే రాయండి: "గడువు నాటికే ఆరోగ్యం బాగాలేదు, 14న చేరాను." నిజంగా జరిగిన కష్టానికి అబద్ధపు తేదీ తగిలిస్తే, అది బయటపడిన రోజున ఆ కష్టాన్ని కూడా ఎవరూ నమ్మరు.

ఉత్తరం ఎలా ఉండాలి?

ఒక్క పేజీ దాటకూడదు. ఆ ఉపాధ్యాయుడు జూన్ 26న రాసినది ఇలా ఉంది:

"అయ్యా, నా క్రెడిట్ కార్డు చివరి నాలుగు అంకెలు ఇవి. జూన్ 12న కట్టవలసిన 18,640 రూపాయలను జూన్ 21న పూర్తిగా కట్టాను. జూన్ 10న అత్యవసరంగా ఆసుపత్రిలో చేరి, 19 వరకు అక్కడే ఉండటం వల్ల ఆలస్యమైంది. ఆసుపత్రి ధ్రువపత్రం జతచేశాను. గత రెండేళ్ళలో ఒక్క గడువు కూడా దాటలేదు. కావున జూన్ 23 స్టేట్‌మెంటులోని ఆలస్య రుసుము 750, దానిపై జీఎస్టీ 135, వడ్డీ, దానిపై జీఎస్టీ మాఫీ చేయవలసినదిగా కోరుచున్నాను. ఫిర్యాదు సంఖ్య, మీ నిర్ణయం రాతపూర్వకంగా తెలుపగలరు."

ఇందులో నింద లేదు, జబ్బు వర్ణన లేదు. చదివే ఉద్యోగికి నిర్ణయం తీసుకోవడానికి కావలసినవన్నీ వరుసగా ఉన్నాయి. పాత చెల్లింపుల మాట నిజమైతేనే రాయండి. ఆ రికార్డు వారి తెరమీదే ఉంటుంది. ముందు కార్డు వెనుక ఉన్న నంబరుకు ఫోను చేసి అడగవచ్చు. చిన్న రుసుములు ఒక్కోసారి ఫోనులోనే తీసేస్తారు. కాదంటే ఈ ఉత్తరాన్ని ఈమెయిలులో పంపి ఫిర్యాదు సంఖ్య తీసుకోండి.

ఏమి జరిగింది?

జూలై 4న బ్యాంకు 750 రూపాయలు తిరిగి జమచేసింది. జీఎస్టీ మాత్రం జమకాలేదు. ఇది తరచుగా జరిగేదే. ఆయన అదే ఫిర్యాదు సంఖ్యతో మళ్ళీ రాస్తే, తర్వాతి స్టేట్‌మెంటులో 135 కూడా వచ్చింది. వడ్డీ తగ్గించడానికి బ్యాంకు ఒప్పుకోలేదు. ఆయనకు మిగిలింది 885 రూపాయలు, భరించింది 1,012.

ఈ మధ్యలో ఆయన చేసిన మంచి పని ఒకటుంది. జవాబు కోసం ఎదురుచూస్తూ కొత్త బిల్లు ఆపలేదు. జూలై గడువులోగా మిగిలిన 1,147 రూపాయలు కట్టేశారు. "మాఫీ అడిగాను కదా" అని కట్టకుండా ఉంటే రెండో ఆలస్య రుసుము పడుతుంది, వడ్డీ పెరుగుతుంది. దానికి ఆసుపత్రి కారణం చెల్లదు. మాఫీ వస్తే డబ్బు ఎలాగూ కార్డు ఖాతాలో జమ అవుతుంది.

అంబుడ్స్‌మన్ దగ్గరకు ఎప్పుడు?

నియమం ప్రకారం వేసిన రుసుమును మాఫీ చేయడం బ్యాంకు దయ, మన హక్కు కాదు. కాబట్టి "మాఫీ చేయలేదు" అన్న ఒక్క కారణంతో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళితే ఫలితం ఉండదు. కాని మూడు రోజుల లోపల కట్టినా రుసుము వేయడం, కట్టిన డబ్బు లెక్కలో చూపకపోవడం, ఇస్తామన్న మాఫీ జమచేయకపోవడం సేవాలోపాలు. వీటిపై బ్యాంకుకు రాసి 30 రోజులైనా జవాబు రాకపోతే, లేదా ఆ జవాబు సరిగా లేకపోతే cms.rbi.org.in లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు.

రెండు జాగ్రత్తలు

"మీ లేట్ ఫీజు మాఫీ చేస్తాం, ఓటీపీ చెప్పండి" అని ఎవరైనా ఫోను చేస్తే వెంటనే పెట్టేయండి. మాఫీకి ఓటీపీ గాని, సీవీవీ గాని అక్కర లేదు. ఆసుపత్రి పాలైన ఇంట్లో మనసు కుదురుగా ఉండదని మోసగాళ్ళకు తెలుసు.

రెండోది, ముందుగా తేదీ తెలిసిన ఆపరేషనైనా, తెలియని ఆపదైనా, కనీస మొత్తమైనా బ్యాంకు ఖాతా నుంచి తనంతట తానే కట్టుబడేలా ఆటో డెబిట్ పెట్టుకోండి. వడ్డీ తప్పదు గాని ఆలస్య రుసుము, బకాయి మచ్చ తప్పుతాయి. కార్డు గడువు తేదీ ఇంట్లో మరొకరికి కూడా తెలిసి ఉండాలి.

ఉత్తరం ఇంగ్లీషులో రాసుకోలేనివారు స్టేట్‌మెంటు, డిశ్చార్జి కాగితం తీసుకుని మా సాంఘిక సేవా విభాగానికి రండి. కూర్చుని రాసిపెడతాము, దీనికి రుసుము లేదు. ప్రభువు మీ ఇంటిల్లిపాదికి ఆరోగ్యమిచ్చునుగాక.