పరిచయం లేని పక్షి ప్రేమికుడికి తొలి పలకరింపు

మలేషియాలో సెలంగోర్ నది సముద్రంలో కలిసే చోట ఉన్న కువాలా సెలంగోర్‌కి ఎక్కువమంది మిణుగురుల కోసం వెళ్తారు. పక్షుల పిచ్చి ఉన్నవాళ్లు మాత్రం అక్కడి ప్రకృతి ఉద్యానంలోని మడ అడవుల్లో తిరుగుతారు. వాళ్లు వెతికే వాటిలో మన పొన్నంగి పిట్టకి దగ్గర చుట్టమైన మడ అడవి పిట్ట ఒకటుంది. అది మడ అడవుల్లోనే ఉంటుంది, ఒకపట్టాన కంటబడదు. అందుకే దాని ఫొటో ఎవరైనా ఐనాచురలిస్ట్‌లో పెడితే కొత్తవాళ్లు వెంటనే వాళ్లకి మెసేజ్ పెడతారు. చాలాసార్లు జవాబు రాదు.

షా ఆలంలో ఉద్యోగానికి వచ్చిన ఒక తెలుగు అబ్బాయి అలాంటి ఫొటో చూశాడనుకుందాం. అతను రాసేది సాధారణంగా ఇలా ఉంటుంది: "హాయ్ సర్, సూపర్ ఫొటో. ఈ పిట్ట ఎక్కడ దొరికింది? కరెక్ట్ లొకేషన్ పంపండి ప్లీజ్." ఇందులో మర్యాదకి లోటేమీ లేదు. కానీ అవతలి మనిషికి ఇది ఎలా వినిపిస్తుందో చూడాలి. ఆగ్నేయాసియాలో పాడే పిట్టలని పంజరాల కోసం పట్టి అమ్మే వ్యాపారం పెద్దది. మలయ్‌లో బరావ్-బరావ్ అని పిలిచే పికిలిపిట్టని వేటగాళ్లు ఎంతగా పట్టుకుపోయారంటే, 2018లో దాన్ని అంతరించిపోయే ముప్పు అతి తీవ్రంగా ఉన్న జాతుల్లో చేర్చారు. ముప్పులో ఉన్న చాలా జాతుల ఫొటోలకి ఐనాచురలిస్ట్ అసలు చోటు చూపించదు. సుమారు 22 కిలోమీటర్ల చదరంలో ఎక్కడో ఒక చుక్క మాత్రం పెడుతుంది. అంత జాగ్రత్త ఉన్నచోట ముక్కూ మొహం తెలియని మనిషి మొదటి మాటగా చిరునామా అడిగితే, ఇతను వేటగాడేమో అన్న అనుమానం రావడం సహజం. వాళ్లు పొగరుతో ఊరుకోవడం లేదు, ఆ పిట్టని కాపాడుకుంటున్నారు.

వట్టి "హాయ్" కూడా పనికిరాదు. ఏం కావాలో కనుక్కునే భారం దాన్ని అందుకున్నవాళ్ల మీద పడుతుంది. ఆడవాళ్లకి ఇలాంటి హాయ్‌లు రోజూ వస్తాయి, వాళ్లు తెరవకుండానే వదిలేస్తారు.

అదే అబ్బాయి ఆ ఫొటోని ఇంకో రెండు నిమిషాలు చూస్తే అడగాల్సింది అందులోనే దొరుకుతుంది. ఈ పిట్టని పోలినదే నీలిరెక్కల పిట్ట, చలికాలంలో వలస వస్తుంది. రెండింటినీ ఒకటనుకుని పొరబడేవాళ్లు ఎక్కువ. వలస పిట్టకి నడినెత్తి మీద నల్లటి చార ఉంటుంది. మడ అడవి పిట్ట నెత్తి గోధుమరంగులో ఉంటుంది, ఆ చార ఉండదు, ముక్కు ఇంకా పొడుగ్గా, లావుగా ఉంటుంది. ఈ సంగతి తెలిశాక అతను ఇలా రాయొచ్చు: "నమస్తే. మీ ఫొటోలో నెత్తిన నల్ల చార కనిపించలేదు, ముక్కు లావుగా ఉంది. మడ అడవి పిట్ట అని వీటిని బట్టే తేల్చారా? నేను ఆంధ్ర నుంచి వచ్చాను. మా పొన్నంగి పిట్టకి ఆ చార బాగా కనిపిస్తుంది, అందుకే అడుగుతున్నాను."

ఇందులో అతను ఎవరో ఒక్క వాక్యంలో తెలిసింది. ఫొటో నిజంగా చూశాడనీ తెలిసింది. అవునో కాదో చెబితే చాలు, అవతలివాళ్లకి పెద్ద శ్రమ లేదు. సర్ అనాలా మేడమ్ అనాలా అన్న తంటా కూడా లేదు. ఖాతా పేరు చూసి ఆడో మగో చెప్పలేం కాబట్టి ఆ సంబోధన వదిలేయడమే మేలు.

దీన్ని విడిగా మెసేజ్‌లో కాకుండా ఆ ఫొటో కిందే, అందరూ చూసేలా రాయాలి. నా దృష్టిలో మాటల ఎంపిక కన్నా ఇదే ముఖ్యం. నలుగురిలో అడిగిన ప్రశ్నకి భయం లేకుండా జవాబివ్వొచ్చు. వాళ్లకి తీరిక లేకపోతే మరొకరు చెబుతారు. పక్షులు తెలిసినవాళ్లు ఇలాంటి తేడాల గురించి మాట్లాడటానికి ఎప్పుడూ ముందుంటారు.

జవాబు వచ్చాక దాని తీరు గమనించాలి. "అవును, థాంక్స్" అని ఆగిపోతే అక్కడితో సరి. "మీరెప్పుడైనా ఆ ఉద్యానానికి వెళ్లారా?" అని ఎదురు ప్రశ్న వేస్తే మాట సాగించొచ్చు. అప్పుడైనా చోటు అడగకుండా, "కొత్తవాడు పిట్టలని బెదరగొట్టకుండా ఏ వేళ నడిస్తే మంచిది?" అని అడగాలి. రికార్డు చేసిన కూత వినిపించి పిట్టని రప్పించొచ్చా అన్నదాని మీద పక్షి ప్రేమికుల్లో గట్టి అభిప్రాయ భేదాలున్నాయి. కాబట్టి ఫోన్లో కూత పెడతానని ముందే చెప్పడం కన్నా, వాళ్ల పద్ధతేమిటో అడగడం మంచిది. వారమైనా జవాబు లేకపోతే గుర్తుచేస్తూ మళ్లీ రాయకూడదు. చాలామంది సెలవురోజుల్లోనే ఇవన్నీ చూసుకుంటారు.

అతను ఉద్యానానికి వెళ్లొచ్చాక, పిట్ట కనబడకపోయినా, అక్కడ చూసిన కొంగనో కోతినో ఫొటో తీసి తన ఖాతాలో పెట్టాలి. ఖాళీ ఖాతా నుంచి వచ్చే పలకరింపుని ఎవరూ తొందరగా నమ్మరు. రెండోసారి అతను మాట కలిపినప్పుడు అవతలివాళ్లు ముందు చూసేది ఆ ఫొటోలనే.