ఎంబీఏ: ఫీజు పక్కన రాయాల్సిన అంకెలు

విద్యారుణాల విభాగంలో ఉన్నానని తెలిసి, మన సిబ్బంది పిల్లలు ఎంబీఏ గురించి నన్ను అడిగే మొదటి ప్రశ్న "లోన్ ఎంత వస్తుంది అంకుల్?" అని. నేను ముందు "ఇప్పుడు నెలకు చేతికెంత వస్తోందమ్మా?" అని అడుగుతాను. లెక్క అక్కడే మొదలవుతుంది.

ఈ మధ్య ఒక సహోద్యోగి గారి అమ్మాయి వచ్చింది. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రెండున్నరేళ్ల అనుభవం, చేతికి నెలకు 50,000. సీటు వచ్చిన రెండేళ్ల కోర్సుకు ఫీజు, హాస్టల్ కలిపి 25 లక్షలు. అదంతా రుణమే అనుకుని 9 శాతం వడ్డీ వేసి చూశాం. చదివే రెండేళ్లు, ఆపైన మరో ఏడాది వాయిదాలు కట్టనక్కర్లేదు. కానీ వడ్డీ ఆగదు. మొదటి ఏడాది తీసుకునే పన్నెండున్నర లక్షల మీద మూడేళ్లకు, రెండో ఏడాది తీసుకునే పన్నెండున్నర లక్షల మీద రెండేళ్లకు సాధారణ వడ్డీయే 5.6 లక్షలు దాటుతుంది. బాకీ 30.6 లక్షలకు చేరుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 39,000 కట్టాలి. తల్లిదండ్రులు చదువుకాలంలోనే నెలనెలా వడ్డీ కడుతూ వస్తే వాయిదా 32,000 లోపే ఉంటుంది.

ఉద్యోగం మానకపోతే మూడేళ్లకు ఆమె జీతం 65,000 అవుతుందనుకున్నాం. దానికి 39,000 కలిపితే 1,04,000. కోర్సయ్యాక చేతికి ఇంతకంటే తక్కువ వస్తే, జీతం వేగంగా పెరిగేదాకా ఆమె ఉన్నచోట ఉన్నదానికంటే వెనకబడినట్టే. పైగా రెండేళ్లు వదులుకున్న 12 లక్షల జీతాన్ని ఇందులో కలపలేదు.

ఇక కాలేజీ చెప్పే ప్యాకేజీ. పదిమందిలో తొమ్మిదిమందికి 10 లక్షలు, ఒకరికి 60 లక్షలు వస్తే సగటు 15 లక్షలు. మధ్యలో ఉన్న విద్యార్థికి వచ్చేది 10 లక్షలే. అందుకే సగటు వద్దు, 'మీడియన్' అడగండి. అది కూడా సీటీసీయే. పీఎఫ్‌లో యజమాని వాటా, గ్రాట్యుటీ, పనితీరును బట్టి ఇచ్చే మొత్తం, పన్ను తీసేశాకే నెల జీతం తేలుతుంది. బయటివారు ఆడిట్ చేసిన ప్లేస్‌మెంట్ నివేదిక ఉందా అనీ అడగాలి. బ్రోచర్‌లో ఫొటోలు ఎక్కువ, ఈ వివరాలు తక్కువ!

ఎప్పుడు చేయాలి? నా అభిప్రాయంలో, రెండేళ్ల కోర్సుకు రెండు నుంచి నాలుగేళ్ల అనుభవం సరైన సమయం. డిగ్రీ కాగానే చేరితే క్లాసులో చెప్పేదాన్ని పోల్చుకోవడానికి చేసిన పనేదీ ఉండదు. ఎనిమిదేళ్లు దాటితే వదులుకునే జీతం పెద్దది, క్యాంపస్‌లో ఇచ్చేవి ఎక్కువగా చిన్నవారికి తగిన ఉద్యోగాలు. అలాంటివారికి ఏడాది కోర్సులే నయం. హైదరాబాదులోని ఐఎస్‌బీ, అహ్మదాబాద్ ఐఐఎం వంటివి అనుభవజ్ఞుల కోసమే వాటిని నడుపుతున్నాయి.

ఆ అమ్మాయి కాలేజీకి ఫోన్ చేసి మీడియన్ కనుక్కుంది. కోతలు పోగా నెలకు 90,000 దాకా తేలింది. ఆ సీటు వదిలేసి, ఉద్యోగం చేస్తూనే మళ్లీ క్యాట్‌కు చదువుతోంది.