ఒకే మాట, రెండు అర్థాలు: వాదన ఎక్కడ జారిపోతుంది?



ఫోన్ పక్కన పెట్టమని చెబితే ఏడో తరగతి పిల్లవాడు ఇలా వాదించాడనుకోండి. "ఆటలు ఆరోగ్యానికి మంచివని మీరే చెప్పారు. నేను ఫోన్‌లో ఆడేది కూడా ఆటే. అంటే ఇది కూడా ఆరోగ్యానికి మంచిదే కదా!" ఎక్కడో తేడా ఉందని మీకు తెలుస్తూనే ఉంటుంది. కానీ ఎక్కడో వెంటనే చెప్పలేం. చివరికి "ఎదురు మాట్లాడకు" అని ముగించేస్తాం. అప్పుడు వాదనలో తానే గెలిచానని, అమ్మానాన్నలు కోప్పడ్డారు కాబట్టే ఫోన్ వదిలానని పిల్లవాడు అనుకుంటాడు.

లోపం అతను చెప్పిన ఏ ఒక్క వాక్యంలోనూ లేదు. విడివిడిగా చూస్తే మొదటి రెండు వాక్యాలూ నిజమే. "ఆట" అనే మాట మొదటి వాక్యంలో ఒక అర్థంతో వచ్చి, రెండో వాక్యంలోకి వెళ్లేసరికి ఇంకో అర్థంలోకి జారింది. మాట ఒకటే కాబట్టి ఆ జారడం మన చెవికి తెలియదు.

అర్థాన్ని మాట స్థానంలో పెట్టి చూడండి

దీన్ని పట్టుకోవడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. అనుమానం వచ్చిన మాటను తీసేసి, దాని స్థానంలో అర్థాన్ని పూర్తిగా రాయాలి. రెండు వాక్యాల్లోనూ ఒకే అర్థం రాయాలి.

మొదట "శరీరం కదిలేలా, చెమట పట్టేలా ఆడేది" అని పెట్టి చూద్దాం. "శరీరం కదిలేలా, చెమట పట్టేలా ఆడేవి ఆరోగ్యానికి మంచివి." ఇది నిజం. "నేను ఫోన్‌లో ఆడేది కూడా శరీరం కదిలేలా, చెమట పట్టేలా ఆడేదే." ఇది అబద్ధం.

ఇప్పుడు అర్థాన్ని పెద్దది చేసి, "నియమాలు పెట్టుకుని, గెలుపోటములతో సరదాగా ఆడేది" అని పెట్టండి. ఈసారి ఫోన్ గేమ్ అందులో చక్కగా ఇముడుతుంది. కానీ మొదటి వాక్యం కూలిపోతుంది. అలా ఆడేవన్నీ ఆరోగ్యానికి మంచివని మీరెప్పుడూ అనలేదు. పేకాట కూడా ఆటే. ఆ పేరులోనే "ఆట" ఉంది.

ఏ అర్థం తీసుకున్నా రెండు వాక్యాల్లో ఒకటి నిలవదు. రెండూ నిలిచినట్టు కనిపించడానికి కారణం అర్థం మధ్యలో మారడమే.

కొత్త కంబళి, తొమ్మిది కంబళ్లు

ఈ జారుడును మన తర్కశాస్త్రం చాలా కాలం కిందటే గుర్తించి "ఛలం" అని పేరు పెట్టింది. గౌతముడి న్యాయసూత్రాలు ఇందులో మూడు రకాలు చెబుతాయి. మొదటిది వాక్ఛలం. దానికి వాత్స్యాయనుడి భాష్యంలో ఉన్న ఉదాహరణ మన పిల్లలకు కూడా ఇట్టే అర్థమవుతుంది. కొత్త కంబళి కప్పుకున్న ఒకతన్ని చూసి ఎవరో "ఇతడు నవకంబళుడు" అన్నారు. ఎదుటివాడు వెంటనే "ఇతని దగ్గర ఒక్క కంబళే ఉంది, తొమ్మిది ఎక్కడున్నాయి?" అని అడ్డు తగిలాడు. "నవ" అంటే కొత్త అనీ అర్థం, తొమ్మిది అనీ అర్థం. నవవధువులో ఒకటి, నవరాత్రుల్లో ఇంకొకటి. చెప్పినవాడి ఉద్దేశం తెలిసి కూడా వేరే అర్థం తీసుకుని ఖండించడమే ఛలం.

శాస్త్రం ఏ వరుసలో నడుస్తుందో కూడా వాత్స్యాయనుడు చెప్పాడు. ముందు ఉద్దేశం, అంటే విషయాన్ని పేరు పెట్టి చెప్పడం. తర్వాత లక్షణం, అంటే నిర్వచనం. ఆ తర్వాతే పరీక్ష. నిర్వచనం కుదిరాక గానీ వాదోపవాదాలకు దిగకూడదన్నమాట.

ముందే ఎందుకు చెప్పాలి?

స్కూల్ డిబేట్‌లో ఈ అంశం ఇచ్చారనుకుందాం: "హైస్కూలు విద్యార్థులకు బడిలో ఫోన్ అనుమతించాలి." అనుకూల జట్టు లేచి, సాయంత్రం బస్సు ఆలస్యమైతే ఇంటికి కబురు చెప్పడానికి ఫోన్ కావాలంటుంది. ప్రతికూల జట్టు లేచి, పాఠం జరుగుతుంటే ఫోన్ చూస్తే ధ్యాస చెదురుతుందంటుంది. రెండూ నిజమే, అయినా ఒకదానికొకటి జవాబు కావు. ఒకరికి "అనుమతి" అంటే బ్యాగులో ఉంచుకోవడం, మరొకరికి క్లాసులో వాడుకోవడం.

ఇదంతా అయ్యాక అనుకూల జట్టు "మేమన్నది క్లాసులో వాడటం గురించి కాదు" అంటే న్యాయనిర్ణేతకు అది మాట మార్చినట్టే వినిపిస్తుంది. నిజానికి మొదటి నుంచీ వాళ్ల ఉద్దేశం అదే కావచ్చు. కానీ దాన్ని నిరూపించుకునే దారి వాళ్లకు లేదు. అదే నిర్వచనాన్ని మొదటి నిమిషంలోనే చెప్పి ఉంటే? "ఈ చర్చలో అనుమతి అంటే ఫోన్ స్విచాఫ్ చేసి బ్యాగులో ఉంచడం, చివరి బెల్ మోగాకే బయటికి తీయడం." ఇప్పుడు ధ్యాస చెదురుతుందన్న వాదానికి బలం తగ్గుతుంది. ఫోన్ పోతే బాధ్యత ఎవరిది, అందరూ స్విచాఫ్ చేశారో లేదో ఎవరు చూస్తారు వంటి అసలు ప్రశ్నలు ముందుకొస్తాయి. చర్చ అక్కడ మొదలవుతుంది.

నిర్వచనం సరైనదేనా?

ముందే చెప్పినంత మాత్రాన ఏ నిర్వచనమైనా చెల్లదు. తర్కసంగ్రహం రాసిన మన తెలుగు పండితుడు అన్నంభట్టు, దానికి తానే రాసిన దీపిక వ్యాఖ్యలో నిర్వచన దోషాలను ఆవు ఉదాహరణతో చూపిస్తాడు. "కపిల వర్ణంలో ఉండేది ఆవు" అంటే తెల్ల ఆవులు బయట ఉండిపోతాయి. ఇది అవ్యాప్తి. "కొమ్ములు ఉండేది ఆవు" అంటే గేదెలు కూడా లోపలికి వస్తాయి. ఇది అతివ్యాప్తి. "ఒంటి గిట్ట ఉండేది ఆవు" అంటే ఏ ఆవుకూ అది వర్తించదు. ఇది అసంభవం.

ఫోన్ గేమ్ వాదనకు ఇవే కొలతలు పెట్టండి. పిల్లవాడి "ఆట"లో పేకాట కూడా దూరింది కాబట్టి అతివ్యాప్తి. అయితే మనం కోపంలో "గ్రౌండ్‌లో ఆడేదే ఆట" అంటే చెస్, క్యారమ్స్, అమ్మమ్మలు ఆడిన అష్టాచెమ్మా బయట పడతాయి. అది మన అవ్యాప్తి. కాబట్టి ఇలా చెప్పడం మేలు: "నేను మంచివన్నది శరీరం కదిలే ఆటల గురించి." అప్పుడు మీ మాట కచ్చితమవుతుంది, పిల్లవాడికి కూడా న్యాయం జరుగుతుంది. తన గేమ్ వల్ల ఆలోచన పదును తేరుతుందని అతను అనవచ్చు. అది వేరే వాదన. దానికి వేరే ఆధారం చూపించమని అడగవచ్చు.

ఒక హద్దు కూడా ఉంది. ప్రతి మాటకూ "అంటే ఏమిటి?" అని అడుగుతూ పోతే అది చర్చను తప్పించుకోవడమే అవుతుంది. కారణంలోనూ ముగింపుకు చేర్చే వాక్యంలోనూ రెండుసార్లు కనిపించి, మొత్తం వాదనను మోసే మాట ఒకటో రెండో ఉంటాయి. వాటికి చెబితే చాలు.

ఈ నెల ఒక ప్రయత్నం చేయండి. "చదువుకో" అన్నప్పుడు కథల పుస్తకం పట్టుకుని "చదువుతూనే ఉన్నాను కదా!" అనే జవాబు చాలా ఇళ్లలో వినిపిస్తుంది. ఈసారి విసుక్కోకుండా, మీరు ఏ అర్థంలో అన్నారో, తను ఏ అర్థంలో తీసుకున్నాడో ఒక కాగితం మీద పక్కపక్కన రాయమనండి. ఆ తర్వాత మీ మాటను ఇలా మార్చండి: "రేపటి లెక్కల పరీక్షకు మూడో పాఠం చదువు." కథల పుస్తకం ఎంత మంచిదైనా ఆ వాక్యంలోకి దూరలేదు.