జీడిపండు రసం: ముప్పై సెకన్ల మాట

ప్రశ్న: మా ఉద్దానంలో గింజ తీసి పారేసే జీడిపండ్లతో రసం చేసి అమ్మాలనుకుంటున్నాను. పెట్టుబడిదారుకు అరనిమిషంలో ఎలా చెప్పాలండీ?
– ఒక పాఠకుడు, పలాస

జవాబు: తెలుగులో 30 సెకన్లకు 60 మాటలు దాటితే నోరు పరుగెత్తాల్సిందే. 2018 తిత్లీ తుపాను నుంచి ఎత్తుకుంటే సగం సమయం అక్కడే పోతుంది. వృథా అయ్యే పండుతో మొదలుపెట్టండి:

“పలాస జీడిపప్పు అందరికీ తెలుసు. గింజకన్నా ఎన్నో రెట్లు బరువుండే పండు మాత్రం ఒక్కరోజులోనే పులిసిపోతుంది, అందుకే తోటలోనే పారేస్తారు. మేం తోట దగ్గరే రసం తీసి, వగరు తగ్గించి, సీసాల్లో నింపుతాం. మొదటి యంత్రానికి పెట్టుబడి కావాలి. రుచి చూపిస్తాను, పది నిమిషాలు ఇస్తారా?”

ఇది 40 మాటలు కూడా లేదు. మిగిలిన సమయం ఊపిరికి. సగ్గుబియ్యం గంజితో టానిన్లను అడుక్కి దించి వగరు తీస్తారన్న సంగతి అడిగితేనే చెప్పండి. కొత్తవాళ్లు ఈ తయారీ గొడవలోనే ఇరుక్కుంటారు.

వ్యాపారం తెలియని ఒకరికి వినిపించి, తిరిగి చెప్పమనండి. “పులిసిపోతుంది, అందుకే తోట దగ్గరే” అన్న ముక్క వాళ్ల నోట రాకపోతే రెండో వాక్యం మార్చాలి. పంట వేసవి వరకే కాబట్టి, మిగతా నెలల్లో యంత్రం ఏం చేస్తుందని తప్పక అడుగుతారు. దానికి జవాబు విడిగా సిద్ధం చేసుకోండి.