"హాయ్ అన్నా" తర్వాత ఏముంది?

వేసవిలో ఓ సాయంత్రం ఆరింటికి హైదరాబాద్‌లో ఒక కుర్రాడు న్యూజెర్సీలో ఉన్న టీమ్ లీడ్‌కి "హాయ్ అన్నా" అని పంపాడు. అక్కడ అప్పుడు ఉదయం ఎనిమిదిన్నర. లీడ్ తొమ్మిదిన్నరకి సీట్లో కూర్చుని "చెప్పు తమ్ముడూ" అన్నాడు. ఇక్కడ అప్పటికి ఏడు, కుర్రాడు మెట్రోలో ఉన్నాడు. రాత్రి భోంచేశాక చూసుకుని "బిజీనా అన్నా?" అని అడిగాడు. అక్కడ మీటింగ్ నడుస్తోంది. టెస్ట్ సర్వర్‌కి యాక్సెస్ కావాలన్న అసలు మాట బయటికొచ్చేసరికి మర్నాడు సాయంత్రమైంది. అది ఇవ్వడం రెండు నిమిషాల పని.

కుర్రాడిది బద్ధకం కాదు. ఎదురుగా ఉన్నప్పుడు మనమంతా చేసేదే చేశాడు. "ఖాళీగా ఉన్నారా?" అని ముందు అడిగితే, లేనివాళ్లు "కొంచెం పనుంది" అని తప్పుకోవచ్చు. వాళ్లు మన కోరికను కాదనలేదు, మనమూ చిన్నబోలేదు. మొహం చిరాగ్గా కనిపిస్తే "ఏం లేదన్నా, ఊరికే" అని మనమే వెనక్కి రావచ్చు. మాటల తీరును పరిశీలించే శాస్త్రజ్ఞులు దీన్ని అభ్యర్థనకు ముందడుగుగా చెబుతారు. మనవాళ్లకైతే "భోంచేశారా?" చాలు.

చాట్‌లో ఆ మొహం కనబడదు. పలకరింపుకూ జవాబుకూ మధ్య గంటలు గడుస్తాయి. అవతలివాళ్లకేమో విషయం తెలియకుండానే "చెప్పు" అని మాటిచ్చేసినట్టవుతుంది. అందుకే కొందరు చూసీ చూడనట్టు ఊరుకుంటారు.

పలకరింపు మానక్కర్లేదు, పనిని దాని పక్కనే పెట్టాలి: "హాయ్ అన్నా, టెస్ట్ సర్వర్ యాక్సెస్ కావాలి. రేపు మధ్యాహ్నానికి అందితే చాలు. మీ చేతిలో లేకపోతే ఎవర్ని అడగాలో చెప్పండి." చివరి వాక్యం ముఖ్యం. "ఖాళీనా?" చేసే పనే అది చేస్తుంది, కాదనడానికి దారి వదులుతుంది.

అన్నీ ఇలా రాసేయలేం. రాజీనామా, జీతం అడ్వాన్సు, ఇంట్లో జబ్బు లాంటివి చాట్‌లో పరిచేవి కావు. అప్పుడు కూడా వట్టి "హాయ్" పంపకండి, ఎదుటివాళ్లకి గుండె గుభేల్‌మంటుంది. "సొంత విషయం, పది నిమిషాలు మాట్లాడాలి, తొందరేం లేదు, గురువారంలోపు ఎప్పుడైనా" అంటే చాలు. విషయం దాగే ఉంటుంది, దాని బరువు మాత్రం తెలుస్తుంది.

ఇక మీరే లీడ్ అయితే, వట్టి "హాయ్"కి "హాయ్" అని ఊరుకోకండి. "ఏం కావాలో రాసిపెట్టు, చూసి చెప్తా" అనండి. అందరితో సూటిగా మాట్లాడేవాడు మీ దగ్గరే మూడుసార్లు పలకరించి ఆగిపోతుంటే, పోయినసారి అతను అడిగినప్పుడు మీరేమన్నారో పాత చాట్‌లో ఒకసారి పైకి జరిపి చూసుకోండి.