తేదీ నాన్నది, వారం అమ్మది

సమస్య:

అమ్మా, నాకు ఇరవై మూడేళ్లు. బీటెక్ అయిపోయింది, మాది తిరుపతి. శ్రీసిటీ వైపు ఒక కంపెనీలో నవంబర్ 14న పొద్దున 11 గంటలకు ఇంటర్వ్యూకి రమ్మన్నారు. సరిగ్గా ఆ రోజే చిత్తూరులో మా అక్క నిశ్చితార్థం. నెలాఖరు నుంచి మూఢం కాబట్టి దాన్ని వెనక్కి జరిపే వీలు లేదు. ఇంటర్వ్యూనే మార్చమని అడుగుదామనుకున్నాను. నాన్న తనకు సెలవు ఉంటుందని, తోడు వస్తానని 17 పెట్టమన్నారు. అమ్మేమో "ఆ పొద్దు కార్తీకంలో కడా సోమవారం, కపిలతీర్థం పోయి దీపం పెట్టల్ల. మంగళవారం పెట్టు" అంది. ఇద్దర్నీ కాదనలేక మెయిల్లో "ఫ్యామిలీ ఫంక్షన్ వల్ల చెప్పిన రోజు రాలేను, నవంబర్ 17, మంగళవారం అదే టైముకు వస్తాను" అని రాసేశాను. "సరే, నోట్ చేసుకున్నాం" అని జవాబొచ్చింది. అమ్మను ఎట్లాగో ఒప్పించి 17న నాన్నతో పోయాను. గేటు దగ్గర లిస్టులో నా పేరు లేదు. ఫోన్ చేస్తే "మీరు మంగళవారం అన్నారు కదా, రేపు రండి" అన్నారు. "గేటు దగ్గర్నుంచి తిప్పి పంపిన చోటికి మళ్ళీ పోయేది లేదు" అన్నారు నాన్న. నేను పోలేదు. ఇప్పుడు ఇంట్లో అందరూ తప్పు నాదే అంటున్నారు. మళ్ళీ మెయిల్ పెట్టొచ్చా? పెడితే ఏమని రాయాలి?

– ఒక సోదరి, తిరుపతి

సలహా:

అమ్మాయీ, ఇంటర్వ్యూ పోయిందని వచ్చే ఉత్తరాలు చాలానే చూస్తుంటాను. నీ దానికి జవాబు రాయాలనిపించింది మాత్రం ఒక్క వాక్యం వల్ల: "ఇద్దర్నీ కాదనలేక 17, మంగళవారం అని రాసేశాను." అమ్మ మాట, నాన్న మాట రెండూ నిలిపావు. ఆ రెండూ కలిసే రోజు మాత్రం క్యాలెండర్లో లేదు. 2025 నవంబర్ 17 సోమవారం. మీ ఇంట్లో గోడకు టీటీడీ క్యాలెండర్ ఉండే ఉంటుంది. సెండ్ నొక్కే ముందు ఒక్కసారి తలెత్తి చూస్తే సరిపోయేది.

అడిగినదానికి ముందు చెప్తాను. మళ్ళీ మెయిల్ పెట్టొచ్చు. పాత మెయిల్‌కే రిప్లై కొట్టు, వాళ్ళు వెతుక్కునే పని ఉండదు. తేదీకీ వారానికీ పొంతన లేకుండా రాయడం నీ పొరపాటేనని ఒక్క వాక్యంలో ఒప్పుకో. మంగళవారం రమ్మన్నా రాలేకపోయానని ఇంకో వాక్యం. మూడోదాంట్లో, అవకాశం ఇంకా ఉంటే ఏ రోజు రాగలవో చెప్పు. మూఢం, దీపం, నాన్న సెలవు గురించి వాళ్ళకెందుకు? జవాబు రాకపోతే వేరే కంపెనీ చూసుకో. ఈ సంగతి ఇంతే.

ఇప్పుడు నాకు కోపం తెప్పించిన సంగతికి వస్తాను. మీ అక్క నిశ్చితార్థంలో పురోహితుడు లగ్నపత్రిక రాసి ఉంటాడు కదా, అది తీసి చూడు. సంవత్సరం, మాసం, పక్షం, తిథి, వారం, నక్షత్రం, దాని కిందే ఇంగ్లీషు తేదీ, గంటలు, నిమిషాలు. ఒక్క రోజుకు ఇన్ని పేర్లెందుకు? ఒకటి తప్పినా రెండోది పట్టిస్తుందని. తిథి తప్పు పడితే వారం దగ్గర ఎవరో ఒకరు "స్వామీ, ఆ పొద్దు దశమి కాదే" అంటారు. ముహూర్తం అర్ధరాత్రి దాటాక పడితే శుభలేఖలో "శుక్రవారం రాత్రి తెల్లవారితే శనివారం" అని వేయిస్తాం. చుట్టాలు ఒక రోజు ముందో వెనకో వచ్చి నిలబడకూడదని అంత జాగ్రత్త. రాశాక అయ్యవారు పైకి చదువుతాడు, రెండు వైపులా విని సరే అంటారు. ఇంత పద్ధతి తెలిసిన ఇంటి పిల్లవు నువ్వు. ఇంటర్వ్యూ మెయిల్‌కు వచ్చేసరికి "చెప్పిన రోజు", "అదే టైము" అంటావా?

అవతల కూర్చున్నామె సంగతి ఆలోచించు. ఆమె దగ్గర ఒక్క నీ పేరే ఉండదు. "చెప్పిన రోజు" అంటే ఏ రోజో తెలియాలంటే పాత మెయిళ్ళు తవ్వాలి. 14 నుంచి నీ పేరు కొట్టేసి ఇంకో రోజు కింద రాయాలి, ఆ రోజు ప్రశ్నలు అడిగేవాళ్ళు ఉన్నారో లేదో చూడాలి. "17, మంగళవారం" అన్నావు. రెండిట్లో ఏది తప్పో ఆమెకెట్లా తెలుస్తుంది? అంకె చూసిన వాళ్ళు సోమవారం అనుకుంటారు, వారం చూసిన వాళ్ళు 18 అనుకుంటారు. ఆమె వారం పట్టుకుంది. వారం రాసేది తేదీకి కాపలాగా. నీ మెయిల్లో ఆ కాపలాదారే దొంగకు తలుపు తీశాడు. ఆమె కూడా "నోట్ చేసుకున్నాం" అని సరిపెట్టకుండా "18, మంగళవారం" అని తిరిగి రాసి ఉంటే పీడా పోయేది. ఆ తప్పు ఆమెది, కాదనను.

నీ మెయిల్ ఇట్లా ఉండాల్సింది:

"విషయం: ఇంటర్వ్యూ తేదీ మార్పు కోసం – (నీ పేరు), (ఉద్యోగం పేరు)

2025 నవంబర్ 14, శుక్రవారం ఉదయం 11 గంటలకు నాకు ఇంటర్వ్యూ ఉంది. ఆ రోజు మా అక్క నిశ్చితార్థం ఉన్నందున రాలేకపోతున్నాను. వీలైతే 2025 నవంబర్ 18, మంగళవారం ఉదయం 11 గంటలకు మార్చగలరు. అది కుదరకపోతే నవంబర్ 19, బుధవారం ఏ సమయానికైనా రాగలను. మార్చిన తేదీ, సమయం తెలియజేయగలరు."

ఇంతే. పాత రోజు ముందు, కొత్త రోజు తర్వాత, ఒక్కోదానికి తేదీ, వారం, గంట. నెల పేరు అక్షరాల్లో రాశాను చూడు. 11/12 అని అంకెలు వేస్తే కొందరికి డిసెంబర్ 11, ఇంకొందరికి నవంబర్ 12. "వచ్చే సోమవారం" అని కూడా రాయకు. శనివారం రాసింది ఆమె సోమవారం చదివితే ఏ సోమవారం అనుకోవాలి? మధ్యాహ్నం 12 అయితే "మధ్యాహ్నం" అని రాయి, అంకె పక్కన ఏఎం, పీఎం పెట్టి తికమకపడకు. కొత్త రోజు ఖాయమని వాళ్ళు రాసేదాకా పాత రోజు పాత రోజే. "నోట్ చేసుకున్నాం" అని ఊరుకుంటే, "అంటే 18, మంగళవారం 11 గంటలకు వస్తాను, సరేనా" అని నువ్వే అడుగు. అయ్యవారు పైకి చదివినట్టే అది.

పోతే, మీ ఇంటి సంగతి. తప్పంతా నీదే అంటున్నవాళ్ళకు ఈ పేజీ చూపించు. ఉద్యోగం నీది, ప్రశ్నలకు జవాబు చెప్పాల్సింది నువ్వు, తేదీ మాత్రం నాన్న సెలవును బట్టి, వారం అమ్మ దీపాన్ని బట్టి. మన ఇళ్ళల్లో ఆడపిల్ల చదువైనా కొలువైనా ఇట్లాగే నడుస్తుంది. తలా ఒక చెయ్యి వేస్తారు, పని చెడితే ఆ చేతులన్నీ వెనక్కి పోతాయి, వేలు మాత్రం పిల్ల వైపు తిరుగుతుంది. మర్నాడే రమ్మని వాళ్ళు పిలిచారమ్మా! గేటు దగ్గర ఆపింది పేరు లిస్టులో లేదని, మీ నాన్న పరువు తియ్యాలని కాదు. మంగళవారం నువ్వొక్కదానివే బస్సెక్కి పోయుండాల్సింది. నాకు ఎక్కువ బాధనిపించిన తప్పు అదే, మెయిల్లోది దాని తర్వాతే.

ఈసారి మెయిల్ రాసే ముందు ఇంట్లో ఎవరినీ అడగొద్దు. ఏ రోజు పోగలవో నువ్వే తేల్చుకో, క్యాలెండర్ చూసి రాసి పంపు. పంపాకే అమ్మకూ నాన్నకూ చదివి వినిపించు.